ఎస్.ఎఫ్.డి., బి.ఎమ్.డి. బొమ్మలకు మార్కులు వేయడం ఎలా: ఒక ఓవర్‌హ్యాంగ్ బీమ్ మీద మొదటి నుంచి చివరి దాకా

ఇంజనీరింగ్ మెకానిక్స్ పేపర్ దిద్దేటప్పుడు అందరికీ చికాకు పుట్టించేది బీమ్ ప్రశ్నే. న్యూమరికల్ ఆన్సర్ అయితే కీతో పోల్చి టిక్ పెట్టి పేజీ తిప్పేయొచ్చు. బొమ్మ అలా కాదు. పిల్లాడు రియాక్షన్ దగ్గర ఒక్క అంకె తప్పు వేస్తే కింద రెండు బొమ్మల్లో దాదాపు ఏ విలువా కీతో కలవదు, దాంతో చాలామంది ఒక పెద్ద అడ్డగీత గీసి 3 మార్కులు వేసి వదిలేస్తారు. దీనికి వ్యతిరేకంగా, బొమ్మ చూడ్డానికి నీట్‌గా ఉంది కదా అని లోపల వంపు తిరగబడినా పూర్తి మార్కులు వేసేవాళ్లూ ఉన్నారు. రెండూ అన్యాయమే. కొత్తగా వాల్యుయేషన్‌కి వెళ్తున్న లెక్చరర్ల కోసం, ఒకే ఒక్క బీమ్ తీసుకుని దాన్ని ఎలా దిద్దాలో చెప్తాను.

బీమ్ ఇది. A దగ్గర హింజ్, అక్కడి నుంచి 6 మీటర్ల దూరంలో B దగ్గర రోలర్, B దాటి ఇంకో 2 మీటర్లు ఓవర్‌హ్యాంగ్, చివర C. A నుంచి B దాకా మీటరుకు 20 కిలోన్యూటన్ల యు.డి.ఎల్., C దగ్గర కిందికి 30 కిలోన్యూటన్ల పాయింట్ లోడ్. ఎస్.ఎఫ్.డి., బి.ఎమ్.డి. గీయాలి, మాగ్జిమం బెండింగ్ మూమెంట్, కాంట్రాఫ్లెక్షర్ పాయింట్ కనుక్కోవాలి. 14 మార్కుల ప్రశ్న అనుకుందాం.

ముందు మీరే చేయండి

కీ చేతిలో ఉన్నా సరే, మొదటి ఆన్సర్ షీట్ తెరవకముందే ఒక తెల్ల కాగితం మీద ఈ లెక్క మీరే చేసి, రెండు బొమ్మలూ మీ చేత్తో గీయండి. కీలో చివరి విలువలే ఉంటాయి, పిల్లలు తప్పేది మధ్య దారిలో. దారి మీకు గుర్తుండకపోతే తప్పు ఎక్కడ మొదలైందో పట్టుకోలేరు.

```
A చుట్టూ మూమెంట్లు:
R_B × 6 = 20×6×3 + 30×8 = 360 + 240 = 600
R_B = 100 kN,  R_A = 150 − 100 = 50 kN

SF:  A: +50,  B ఎడమ: 50 − 120 = −70,
     B కుడి: −70 + 100 = +30,  C దాకా +30
SF = 0:  50 − 20x = 0,  x = 2.5 m

BM (A–B):  M = 50x − 10x²
M(2.5) = +62.5 kN·m
M(6)   = −60 kN·m   (కుడి నుంచి: −30×2 = −60)
M = 0:  x = 5 m
```

B దగ్గర మూమెంట్‌ని రెండు వైపుల నుంచీ చేసి చూశాను, గమనించారా? ఎడమ నుంచి వచ్చినా కుడి నుంచి వచ్చినా −60 రావాలి. దిద్దేవాడి చేతిలో ఉన్న అన్నిటికన్నా పదునైన పనిముట్టు ఇదే. కింద ఒక షీట్ దిద్దేటప్పుడు దీని పని చూద్దాం.

మార్కులు ఇలా విడగొట్టుకోండి: రియాక్షన్లకు 3 (ఈక్వేషన్‌కి 1, రెండు విలువలకు చెరొకటి), షియర్ విలువలకు 2, ఎస్.ఎఫ్.డి. బొమ్మకు 2, మూమెంట్ విలువలకు 3 (B దగ్గర, షియర్ సున్నా అయ్యే చోటు, అక్కడి మాగ్జిమం), బి.ఎమ్.డి. బొమ్మకు 2 (AB భాగానికి ఒకటి, BC భాగానికి ఒకటి), కాంట్రాఫ్లెక్షర్‌కి 2. మీకు అఫీషియల్ స్కీమ్ ఇస్తే అదే ఫైనల్, కానీ చాలా స్కీముల్లో "ఎస్.ఎఫ్.డి. 5, బి.ఎమ్.డి. 6" అని మాత్రమే ఉంటుంది. అప్పుడు లోపలి విడగొట్టుడు మీరే చేసుకోవాలి, పక్క టేబుల్ వాళ్లతో మాట్లాడుకుని ఇద్దరూ ఒకేలా చేసుకుంటే మరీ మంచిది.

సైన్ కన్వెన్షన్ చూడకుండా పెన్ను పెట్టొద్దు

షీట్ తెరిచాక మొదట చూడాల్సింది విలువలు కాదు, ఆ పిల్లాడు దేన్ని ప్లస్ అనుకున్నాడో. మన దగ్గర ఎక్కువమంది ఎడమ వైపు పైకి ఉన్న ఫోర్స్‌ని ప్లస్ షియర్‌గా, సాగింగ్‌ని ప్లస్ మూమెంట్‌గా తీసుకుని గీతకు పైన గీస్తారు. కానీ కొందరు షియర్‌ని తిరగేసి తీసుకుంటారు, వాళ్ల ఎస్.ఎఫ్.డి. −50తో మొదలై B ఎడమన +70కి వెళ్లి, B కుడిన −30 అవుతుంది. కొందరు మూమెంట్‌ని టెన్షన్ ఉన్న వైపు గీస్తారు, అప్పుడు 62.5 గీతకు కింద, 60 పైన ఉంటాయి. ఏదీ తప్పు కాదు. మొదటి నుంచి చివరి దాకా ఒకటే పాటించాడా లేదా అన్నదే ముఖ్యం. మధ్యలో మార్చేశాడా, అంటే AB భాగంలో సాగింగ్‌ని పైన గీసి, B దగ్గర హాగింగ్‌ని కూడా పైనే గీశాడా, అప్పుడు తప్పే. ఆ తప్పు చాలా షీట్లలో కనిపిస్తుంది, ఎందుకంటే కుడి నుంచి లెక్క చేసినప్పుడు 30×2=60 అని రాసి మైనస్ పెట్టడం మర్చిపోతారు.

రియాక్షన్లు: రెండు కూడికలు చాలు

R_A, R_B కలిపితే 150 రావాలి. వచ్చాయి కదా అని టిక్ పెట్టేయకండి, ఎందుకంటే R_A ని పిల్లలు 150 నుంచి R_B తీసేసి కనుక్కుంటారు కాబట్టి R_B తప్పయినా మొత్తం 150 వస్తుంది. అసలు చెకింగ్ మూమెంట్ ఈక్వేషన్‌లోనే ఉంది. మూడు పదాలు చూడండి: యు.డి.ఎల్. మొత్తం 120 కిలోన్యూటన్లు 3 మీటర్ల దగ్గర, C దగ్గరి 30 లోడు 8 మీటర్ల దగ్గర, R_B 6 మీటర్ల దగ్గర. ఇందులో ఎక్కువగా తప్పేది ఆ 8. A చుట్టూ మూమెంట్ తీసుకుంటూనే ఓవర్‌హ్యాంగ్ పొడవు 2 అని బొమ్మలో కనిపిస్తుంది కాబట్టి 30×2 వేసేస్తారు.

ఎస్.ఎఫ్.డి.: నిలువు గీతలు, ఏటవాలు గీతలు

ఎస్.ఎఫ్.డి.ని ఎడమ నుంచి కుడికి వేలు పెట్టి చదవండి. పాయింట్ లోడో, రియాక్షనో ఉన్న చోట గీత నిట్టనిలువుగా దూకాలి. యు.డి.ఎల్. ఉన్న చోట తిన్నగా ఏటవాలుగా దిగాలి. లోడు లేని చోట అడ్డంగా, సమాంతరంగా పోవాలి. మన బీమ్‌లో A దగ్గర 50 పైకి దూకుతుంది, అక్కడి నుంచి 6 మీటర్లలో 120 దిగి −70కి వస్తుంది, B దగ్గర 100 పైకి దూకి +30 అవుతుంది, C దాకా అడ్డంగా పోయి C దగ్గర 30 కిందికి దూకి సున్నా అవుతుంది. చివర సున్నాకి రాకపోతే ఎక్కడో ఒక ఫోర్స్ మర్చిపోయాడు.

కనిపించే తప్పులు రెండు మూడే. B దగ్గర −70 నుంచి +30కి నిలువుగా కాకుండా పక్కకి వాలుగా గీత కలపడం, ఇది ఫోర్స్ ఒక పాయింట్ దగ్గర పని చేస్తుందన్న సంగతి అర్థం కాలేదని చెప్తుంది, బొమ్మ మార్కులో 1 పోతుంది. AB భాగంలో వంకర గీత గీయడం, ఎస్.ఎఫ్.డి.ని బి.ఎమ్.డి.తో కలిపేసుకున్నారన్నమాట, దానికీ 1. B దగ్గర ఎడమ విలువ, కుడి విలువ విడిగా రాయకుండా ఒక్కటే రాయడం, దీనికి షియర్ విలువల్లోంచి ఒకటి తీయండి.

స్కేల్ గురించి ఒక మాట. ప్రశ్నలో స్కేల్‌కి గీయమని అడగకపోతే స్కేలు పెట్టి కొలవొద్దు. విలువలు రాసి ఉంటే చాలు. కానీ చూపుకి అందాల్సిన ఒక సంగతి ఉంది: షియర్ గీత సున్నాని కోసే చోటు AB మధ్యకి ఎడమ వైపు ఉండాలి, 50 చిన్నది, 70 పెద్దది కాబట్టి. సరిగ్గా మధ్యలో కోసినట్టు గీసి పక్కన 2.5 మీటర్లు అని రాస్తే విలువకు మార్కు వేసి, బొమ్మకు అర మార్కు తీస్తాను నేను. కొంతమంది తియ్యరు. నా మటుకు, బొమ్మ కూడా ఒక జవాబే.

బి.ఎమ్.డి.: విలువల కన్నా వంపు ముందు

బి.ఎమ్.డి. దిద్దడానికి ఒకే సూత్రం: ఏ చోట షియర్ ఎంతో, ఆ చోట మూమెంట్ గీత ఏటవాలు అంత. అందుకే బి.ఎమ్.డి.ని ఒంటరిగా చూడొద్దు, పైనున్న ఎస్.ఎఫ్.డి.తో జతగా చూడండి. A దగ్గర షియర్ 50 కాబట్టి మూమెంట్ గీత చురుగ్గా పైకి మొదలవుతుంది. 2.5 దగ్గర షియర్ సున్నా, గీత చదునుగా ఉండాలి, అదే శిఖరం. అక్కడి నుంచి షియర్ మైనస్‌లోకి పెరుగుతూ పోతుంది కాబట్టి గీత దిగుతూ, రానురాను మరింత నిటారుగా దిగుతూ B దగ్గర −60కి చేరుతుంది. B దాటగానే షియర్ ఒక్కసారిగా +30 అవుతుంది, గీత అక్కడ కోసుగా విరిగి, తిన్నగా పైకెక్కి C దగ్గర సున్నా అవుతుంది.

ఈ ఒక్క పేరాలోంచే బొమ్మలో పట్టాల్సిన తప్పులన్నీ వస్తాయి. సాగింగ్‌ని పైన గీసే షీట్లో AB భాగంలో పారాబోలాని బట్టలు ఆరేసే తీగలా కిందికి వేలాడేలా గీస్తే వంపు తిరగబడింది, AB మార్కు పోతుంది, విలువలు సరిగ్గా ఉన్నా సరే. B దగ్గర మొనదేలిన మూలని నున్నగా గుండ్రంగా తిప్పితే అర మార్కు తీయండి. BC భాగంలో వంకర గీత గీస్తే, అక్కడ యు.డి.ఎల్. లేదు కాబట్టి BC మార్కు పోతుంది.

ఇంకో తప్పు మాత్రం చాలా తెలివిగా దాక్కుంటుంది. పిల్లాడు 0, 62.5, −60, 0 అని నాలుగు చుక్కలూ సరిగ్గా పెట్టి వాటిని తిన్నటి గీతలతో కలిపేస్తాడు. విలువలన్నీ కీతో కలుస్తాయి, హడావిడిలో ఉన్నవాళ్లు పూర్తి మార్కులు వేసేస్తారు. తర్వాత ఆ గీత మీదే సరూప త్రిభుజాలతో కాంట్రాఫ్లెక్షర్ కనుక్కుంటాడు, జవాబు A నుంచి 4.29 మీటర్లు వస్తుంది. సరైనది 5. షీట్లో 4.29 కనిపిస్తే వేరే వెతకక్కర్లేదు, పారాబోలా బదులు తిన్నటి గీత వాడాడని ఖాయం చేసుకోవచ్చు. AB బొమ్మ మార్కు తీయండి, కాంట్రాఫ్లెక్షర్‌లో మూమెంట్ సున్నా అవ్వాలన్న సంగతి తెలుసు కాబట్టి 1 వేయండి.

మాగ్జిమం దగ్గర కూడా ఇలాంటి ఒక ఉచ్చు ఉంది. కొందరు AB మధ్యలో, అంటే 3 మీటర్ల దగ్గర మూమెంట్ కట్టి 60 అని రాసి, అదే మాగ్జిమం అంటారు. 50×3 − 10×9, అంకె సరైనదే, 62.5కి దగ్గరగా కూడా ఉంది, "రౌండింగ్‌లో పోయుంటుందిలే" అనిపిస్తుంది. కానీ షియర్ సున్నా అయ్యే చోటు వెతకలేదు, కాబట్టి చోటు మార్కూ మాగ్జిమం మార్కూ రెండూ పోతాయి. 90 కనిపిస్తే ఇంకోరకం: 20×36/8 అని సింపుల్ బీమ్ ఫార్ములా ఎత్తి పెట్టాడు, ఓవర్‌హ్యాంగ్ లోడు A, B మధ్య మూమెంట్‌ని తగ్గిస్తుందన్నది పట్టించుకోలేదు. అయితే 90 రాసి, B దగ్గరి 60లో సగం తీసేసి మధ్యలో 60 అని రాసినవాడికి సంగతి బాగానే తెలుసు, చోటు ఒక్కటే తప్పాడు. వాడికి నేను అర మార్కు వేస్తాను.

తప్పుని మోసుకొచ్చిన షీట్: ఒకటి పూర్తిగా దిద్దుదాం

ఇప్పుడు అసలు పని. ఒక షీట్లో A చుట్టూ మూమెంట్లలో 30×8 బదులు 30×2 వేశాడనుకుందాం. R_B × 6 = 360 + 60 = 420, R_B = 70, R_A = 80. కీ ప్రకారం రెండూ తప్పే. కానీ ఈక్వేషన్ అమరిక, యు.డి.ఎల్. పదం సరైనవి, ఈక్వేషన్‌కి 1 ఇవ్వండి. R_B కి సున్నా. R_A ని తన R_B తో సరిగ్గా తీశాడు, 1 ఇవ్వండి. మొత్తం 2.

ఇక్కడి నుంచి కీని పక్కన పెట్టి, వాడి 80, 70 లతోనే ముందుకెళ్లండి. షియర్ A దగ్గర +80, B ఎడమన −40, కుడిన −40+70 = +30, C దాకా +30. షీట్లో ఇవే ఉన్నాయి, బొమ్మ కూడా సరిగ్గా ఉంది. ఎస్.ఎఫ్.డి. మొత్తం 4 మార్కులూ ఇవ్వాలి. చివర సున్నాకి కూడా వచ్చింది చూడండి. అందుకే ఎస్.ఎఫ్.డి. మూసుకున్నంత మాత్రాన రియాక్షన్లు సరైనవని అర్థం కాదు.

షియర్ సున్నా 80/20 = 4 మీటర్ల దగ్గర, మాగ్జిమం 80×4 − 10×16 = 160, B దగ్గర 80×6 − 360 = 120. వాడి అంకెల ప్రకారం మూడూ సరైనవే, 3 ఇవ్వండి. ఇప్పుడు B కుడి వైపు నుంచి చూస్తే మూమెంట్ −60, ఎడమ నుంచి +120. తేడా 180, అది సరిగ్గా మొదట్లో వదిలేసిన 30×6. ఈ తేడా పిల్లాడి కళ్ల ముందే ఉంది: BC లో షియర్ +30 కాబట్టి మూమెంట్ 120 నుంచి 60 పెరిగి C దగ్గర 180 కావాలి, కానీ స్వేచ్ఛగా ఉన్న చివర మూమెంట్ ఉండటానికి వీల్లేదు. వాడేం చేశాడంటే 120 నుంచి C దగ్గర సున్నాకి బలవంతంగా గీత లాగేశాడు. ఇది మోసుకొచ్చిన తప్పు కాదు, కొత్త తప్పు. తన ఎస్.ఎఫ్.డి.కే విరుద్ధం, పైగా చివర కిందికి లోడు ఉన్న ఓవర్‌హ్యాంగ్‌లో సాగింగ్ చూపించాడు. AB వంపుకి 1, BC కి సున్నా.

కాంట్రాఫ్లెక్షర్‌కి 80x − 10x² = 0 వేసి x = 8 మీటర్లు అని రాశాడు. ఆ ఈక్వేషన్ A నుంచి B దాకా మాత్రమే చెల్లుతుంది, 8 అంటే C, అక్కడికి ఈక్వేషన్ వర్తించదు. మూమెంట్‌ని సున్నా చేయాలన్న పద్ధతికి 1, జవాబుకి సున్నా.

కూడితే 2 + 4 + 3 + 1 + 1 = 11. మూడు మార్కులు పోయాయి: ఒకటి మొదటి తప్పుకి, రెండు ఆ తప్పు తనంతట తాను బయటపడినా పట్టించుకోనందుకు. 11 ఎక్కువ అనిపిస్తుంది చాలామందికి, ముఖ్యంగా "ఒక్క జవాబు కూడా కీతో కలవలేదు కదా సార్" అనేవాళ్లకి. కానీ ఇదే పిల్లాడు C దగ్గర 180 వస్తోందని గమనించి "రియాక్షన్లలో తప్పుంది" అని పక్కన ఒక్క ముక్క రాసి ఉంటే, BC బొమ్మ మార్కు కూడా ఇచ్చేయొచ్చు. టైమ్ లేక సరిదిద్దలేకపోయాడంతే.

మోసుకొచ్చిన తప్పుకి ఒక హద్దు పెట్టుకోండి. తప్పు అంకె వల్ల లెక్క తేలికైపోతే పూర్తి మార్కులు రావు. ఉదాహరణకి ఒకరు C లోడుని పూర్తిగా వదిలేసి బీమ్‌ని 6 మీటర్ల సింపుల్ బీమ్‌గా చేస్తే, 60, 60, మధ్యలో 90 వస్తాయి, తన అంకెల ప్రకారం అన్నీ సరైనవే. కానీ B దగ్గర షియర్ మైనస్ నుంచి ప్లస్‌కి దూకడం లేదు, హాగింగ్ లేదు, కాంట్రాఫ్లెక్షర్ లేదు. అడిగిన ప్రశ్నకి బదులు ఇంకో ప్రశ్న చేసినట్టు. దీనికి నేను 4 దాటి వేయను.

లెక్క లేకుండా బొమ్మ ఒక్కటే ఉంటే

అప్పుడప్పుడూ ఒక షీట్లో ఏ లెక్కా లేకుండా రెండు బొమ్మలూ, విలువలూ అన్నీ పక్కాగా ఉంటాయి. కాపీ అని అనుమానించే ముందు రఫ్ వర్క్ పేజీ, షీట్ చివరి పేజీలు తిప్పి చూడండి, చాలాసార్లు లెక్క అక్కడే ఉంటుంది, దానికి మార్కులు ఇచ్చేయొచ్చు. నిజంగా ఎక్కడా లేకపోతే బొమ్మల 4 మార్కులూ, బొమ్మ మీద రాసిన షియర్, మూమెంట్ విలువలకు సగమూ ఇవ్వండి, రియాక్షన్ ఈక్వేషన్‌కీ కాంట్రాఫ్లెక్షర్ పద్ధతికీ ఉన్న మార్కులు ఇవ్వడానికి కాగితం మీద ఆధారం లేదు. మీ స్కీమ్‌లో "స్టెప్స్ లేకపోతే మార్కు లేదు" అని స్పష్టంగా ఉంటే మీ ఇష్టంతో పని లేదు, చీఫ్ ఎగ్జామినర్‌ని అడిగి అందరికీ ఒకేలా చేయండి.

ఏ షీట్ అయినా, మార్కు తీసిన చోటే మార్జిన్లో ఎందుకు తీశారో రెండు ముక్కలు రాయండి: "BC వాలు తప్పు", "పారాబోలా తిరగబడింది", "8కి బదులు 2". రీవాల్యుయేషన్‌కి ఆ షీట్ ఇంకొకరి చేతికి వెళ్లినప్పుడు, 14కి 11 ఎలా వచ్చిందో మళ్లీ మొదటి నుంచి లెక్క చేయకుండా వాళ్లకి అర్థమవ్వాలి.